2000 రెట్లు పెంచినా మైటోకాండ్రియా మడతలు ఎందుకు కనబడవు?

"100x ఆయిల్ లెన్స్‌కి 20x ఐపీస్ పెట్టాను. అయినా మైటోకాండ్రియా లోపలి మడతలు మసకే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో బతికున్న కణంలోనే చూడొచ్చా?"

లోపం మీ లెన్స్‌ది కాదండీ, కాంతిది. ఆ లెన్స్ మీద 1.25 అని ఉంటే, అది లెన్స్ ఎంత వెడల్పు కోణంలో కాంతిని అందుకుంటుందో చెప్పే అంకె, దాని ఎన్‌.ఏ. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు అనుకుని లెక్క వేయండి:

0.61 × 550 ÷ 1.25 ≈ 268

అంటే 268 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతలు ఒకటిగా కలిసిపోతాయి. మీ మడతల మందం 20, 30 నానోమీటర్లే. ఎన్‌.ఏ.కి వెయ్యి రెట్లు, అంటే 1250 దాటాక ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది. 10x ఐపీస్ చాలు.

ఎలక్ట్రాన్ల తరంగదైర్ఘ్యం నానోమీటరులో వందో వంతుకన్నా తక్కువ కాబట్టి పలుచని పొర గుండా ఎలక్ట్రాన్లను పంపి చూసే టీఈఎం మైక్రోస్కోప్‌లో మడతలు స్పష్టంగా విడిపోతాయి. బతికున్న కణం మాత్రం కుదరదు. లోపల శూన్యం, తడి నిలవదు. కణం చెడకుండా స్థిరపరచడానికి, అంటే ఫిక్సింగ్‌కి, ముందు గ్లూటరాల్డిహైడ్, తర్వాత ఆస్మియం టెట్రాక్సైడ్ పట్టించి, ఆల్కహాల్‌తో నీరు తీసి, రెసిన్‌లో గట్టిపరిచి, 70 నానోమీటర్ల పొరలుగా కోయాలి. ఫిక్సింగ్ ఆలస్యమైతే మైటోకాండ్రియా ఉబ్బి మడతలు చెదురుతాయి. అది జబ్బు లక్షణమని పొరబడొద్దు.

బతికున్న కణంలో మైటోకాండ్రియా కదలిక చూడాలంటే కాంతి మైక్రోస్కోపే, ఫ్లోరోసెంట్ రంగు వేసి చూడండి.