దిక్కు ముందు, అడుగులు తర్వాత

"గళ్ల మీద రోబోట్‌ని నడిపించే లెక్కల్లో మా పాప మొదట్లో బాగానే చేస్తుంది. రోబోట్ కిందివైపు తిరిగాక మాత్రం కుడి ఎడమలు తారుమారు చేసేస్తోంది. చివరి దిక్కు తప్పకుండా వచ్చే దారి ఏమైనా ఉందా?"

ఉందండీ. పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడి దగ్గర సరిగ్గా ఇదే చూశాను. వాడు ఆరో తరగతి. సీతమ్మధారలో మా అక్క వాళ్లింటికి వెళ్లేసరికి రోబోటిక్స్ క్లాసులో ఇచ్చిన వర్క్‌షీట్ ముందేసుకుని కూర్చున్నాడు. ఒకే లెక్క చెరిపి చెరిపి రాయడంతో ఆ చోట కాగితం పలచబడిపోయింది. 5×5 గళ్లు, రోబోట్ (1,1) గడిలో ఉత్తరం వైపు చూస్తోంది. మొదటి అంకె తూర్పుకి పెరుగుతుంది, రెండోది ఉత్తరానికి. ఆదేశాలు ఇవి:

```
F2 R F3 R F2 L F1 L
```

F అంటే చూస్తున్న వైపు అన్ని గళ్లు ముందుకు. R అంటే ఉన్న గడిలోనే కుడికి పావు వంతు తిరగడం, L అంటే ఎడమకి.

వాడి జవాబు (3,1), దక్షిణం. పక్కన కూర్చుని మళ్లీ చేయించాను. (1,3)కి వెళ్లాడు, తూర్పుకి తిరిగి (4,3)కి వెళ్లాడు, దక్షిణానికి తిరిగి (4,1)కి దిగాడు. అంతవరకు ఒక్క తప్పూ లేదు. అక్కడ L రాగానే పెన్సిల్ కాగితం ఎడమ అంచు వైపు జరిగింది. "ఎడమంటే ఇటే కదా మావయ్యా" అని తన ఎడమ చేయి చూపించాడు. ఆ చేయి వాడిది. రోబోట్ అప్పుడు వాడికి ఎదురుగా, వాడి వైపే చూస్తోంది. దాని ఎడమ చేయి వాడి కుడి వైపు ఉంటుంది.

మాటలతో చెప్తే ఎక్కేలా లేదని హాల్లో టైల్స్ మీద నిలబెట్టాను. బాల్కనీ ఉత్తరం అనుకున్నాం, టీవీ ఉన్న గోడ తూర్పు. నేను సోఫాలో కూర్చుని ఆదేశాలు చదువుతుంటే వాడు నడిచాడు. నాకు ఎదురుగా రెండు టైల్స్ నడిచొచ్చి ఆగాక "ఎడమకి తిరుగు" అన్నాను. ఆలోచించకుండా టీవీ వైపు తిరిగాడు. తిరిగాక ఆగిపోయి ఒకసారి తన చేయి, ఒకసారి నా చేతిలో కాగితం చూసి, "అయితే ఇది తూర్పా!" అన్నాడు. ఇంకో టైల్ ముందుకేసి మళ్లీ ఎడమకి తిరిగేసరికి బాల్కనీ వైపు చూస్తున్నాడు. (5,1), ఉత్తరం. అదే సరైన జవాబు.

1967లో సీమోర్ పాపర్ట్, ఆయన తోటివాళ్లు పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. తర్వాత అందులోకి మన ఆదేశాలతో నడిచే తాబేలు వచ్చింది. ఆ తాబేలు ఎటు తిరగాలో తెలియకపోతే పిల్లలు తామే తాబేలై నడిచి చూడాలన్నది పాపర్ట్ మాట. మన ఊళ్లో దానికి బీచ్ రోడ్డు చాలు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు బండి మీద వెళ్తుంటే సముద్రం కుడి చేతి వైపు ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు. సముద్రం ఉన్నచోటే ఉంది, తిరిగింది మనం. తూర్పు, పడమర ఊరివి. కుడి, ఎడమ నడిచేవాడివి. మీ పాపకి ఈసారి బండి మీద తీసుకెళ్లినప్పుడు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అడిగి చూడండి.

పరీక్ష హాల్లో లేచి నడవనివ్వరు కాబట్టి కాగితం మీద నేను చేయించే పద్ధతి ఇది: దిక్కుల పని మొత్తం ముందు అయిపోవాలి, అడుగుల జోలికి తర్వాతే వెళ్లాలి. రోబోట్ ఎటు చూస్తుందన్నది R, Lల మీదే ఆధారపడుతుంది, ఎన్ని గళ్లు నడిచిందన్నదానితో దానికి పనిలేదు. పిల్లలు రెండూ ఒకేసారి మోస్తారు, అక్కడే జారిపోతుంది. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అని గుండ్రంగా రాసుకుంటే R ఒక మెట్టు ముందుకి, L ఒక మెట్టు వెనక్కి. పై లెక్కలో దిక్కులు వరసగా ఉత్తరం, తూర్పు, దక్షిణం, తూర్పు, ఉత్తరం. ఇప్పుడు ప్రతి F మీద దాని దిక్కు రాయాలి: 2 ఉత్తరం, 3 తూర్పు, 2 దక్షిణం, 1 తూర్పు. తూర్పుకి మొత్తం 4, ఉత్తరం దక్షిణం కొట్టేసుకుని 0. (1,1)కి కలిపితే (5,1).

ఈ పద్ధతిలో తప్పు దానంతటదే బయటపడుతుంది. R రెండు, L రెండు, తేడా సున్నా, కాబట్టి చివర్లో మొదటి దిక్కే రావాలి. మా వాడు దక్షిణం అని రాయగానే గళ్లు చూడకుండానే తప్పని చెప్పొచ్చు. స్థానానికి ఇంకో పరీక్ష ఉంది. గళ్లకి చదరంగం బల్లలా నలుపు తెలుపు వేస్తే, అడుగుల మొత్తం సరిసంఖ్య అయినప్పుడు మొదలైన రంగు మీదే ఆగాలి. ఇక్కడ మొత్తం 8. ఒక గడి తక్కువో ఎక్కువో లెక్కపెడితే ఇది పట్టుకుంటుంది. వాడు చేసిన తప్పుని మాత్రం పట్టుకోదు, ఎందుకంటే (3,1) కూడా అదే రంగు. అందుకే రెండు పరీక్షలూ చేయించాలి.

గోడలున్న లెక్కల్లో జాగ్రత్త. "గోడ తగిలితే కుడికి తిరుగు" లాంటి షరతు ఉంటే దిక్కు నడకని బట్టి మారుతుంది, అప్పుడు ఒక్కో అడుగూ వేసుకుంటూ పోవాల్సిందే. ఈ వర్క్‌షీట్లు రాసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం ఇక్కడే. గళ్ల అంచు దాటితే రోబోట్ ఆగుతుందో, ఆ ఆదేశాన్ని వదిలేస్తుందో రాయరు. ఒక ప్రశ్నలో "కుడికి 2 వెళ్లు" అని ఉంటుంది. తిరిగి వెళ్లాలా, తిరగకుండా పక్కకి జరగాలా? రెండింట్లో స్థానం ఒకటే వస్తుంది, చివరి దిక్కు మాత్రం వేరు. పిల్ల సరిగ్గా ఆలోచించినా మార్కు పోతుంది. టీచర్ని ముందే అడిగేయండి, మొహమాటపడొద్దు.

పాప రేపు ఇదే కోడ్‌లో రాస్తే ఉత్తరానికి 0, తూర్పుకి 1, దక్షిణానికి 2, పడమరకి 3 ఇచ్చి ఇలా తిప్పొచ్చు, % 4 అంటే నాలుగుతో భాగిస్తే మిగిలే శేషం:

```
d = (d + 1) % 4   # R
d = (d + 3) % 4   # L
```

ఎడమకి ఒకటి తీసేయకుండా మూడు ఎందుకు కలపాలంటే, సి, జావా భాషల్లో `-1 % 4` చేస్తే -1 వస్తుంది, ఆ నంబరుతో ఏ దిక్కూ లేదు. పైథాన్‌లో 3 వస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

ఇవాళ మాత్రం ఒక్క లెక్క ఇవ్వండి, మొదలే దక్షిణం వైపు. రోబోట్ (3,5)లో ఉంది, ఆదేశాలు F2 L F1 R F1 L. (4,2), తూర్పు రావాలి. మొదటి అంకె 2 అని రాసిందంటే ఇంకా కాగితం ఎడమనే పట్టుకుంది. వెంటనే లేపి టైల్స్ మీద నిలబెట్టండి.