కుడి జెస్చర్ చేస్తే కారు కుడికి తిరిగి, వెంటనే ఎడమకీ తిరుగుతోంది

ప్రశ్న: గ్లవ్ మీద MPU6050, ESP32 పెట్టి నాలుగు జెస్చర్లకి (కుడి, ఎడమ, ముందుకు, ఆగు) చిన్న న్యూరల్ నెట్‌వర్క్ ట్రైన్ చేశాను. ల్యాప్‌టాప్‌లో 97% యాక్యురసీ వచ్చింది. కారుకి కలిపితే మాత్రం చెయ్యి కుడికి విదిలించగానే కుడికి తిరిగి, వెంటనే ఎడమకి తిరుగుతోంది. చెయ్యి ఊరికే ఉన్నా ఒక్కోసారి కదులుతోంది. లేయర్లు పెంచాలా?

జవాబు:

లేయర్లు పెంచకండి. నెట్‌వర్క్ తన పని సరిగ్గానే చేస్తోంది, మీరు దానికి చూపించిన డేటాలోనే ఒక ముక్క లేదు. మా మేనకోడలి సైన్స్ ఎగ్జిబిషన్ కోసం ఇలాంటి కారే కట్టాం, అందులోనూ ఇదే గొడవ వచ్చింది. Serial Plotter తెరిచి యాక్సిలరోమీటర్ గీతలు చూస్తే కారణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

సెన్సర్ చేతి వెనక వైపు ఉండి, దాని Y అక్షం కుడి వైపుకి ఉందనుకోండి. చెయ్యి కుడికి విదిలిస్తే ముందు వేగం అందుకుంటుంది కాబట్టి Y గీత పైకి లేస్తుంది. చివర్లో చెయ్యి ఆగాలి కాబట్టి అదే గీత కిందికి దిగుతుంది. కథ అక్కడితో అయిపోదు. చెయ్యి మళ్లీ మధ్యకి రావాలి కదా. వెనక్కి బయల్దేరినప్పుడు గీత కిందికి, వచ్చి ఆగినప్పుడు పైకి. అంటే కుడి జెస్చర్ మొత్తం: పైకి, కిందికి, కిందికి, పైకి. ఎడమ జెస్చర్ దీనికి తలకిందులు: కిందికి, పైకి, పైకి, కిందికి. ఇప్పుడు కుడి జెస్చర్‌లో రెండో సగాన్ని మాత్రం చూడండి: కిందికి, పైకి. అది అచ్చంగా ఎడమ జెస్చర్ మొదటి సగమే. మీ నెట్‌వర్క్ చెయ్యి వెనక్కి వస్తుంటే చూసి "ఎడమ" అంటోంది. దాని ముందున్న సమాచారం ప్రకారం అది సబబే.

దీనికి రెండు పనులు చెయ్యాలి. మొదటిది, నెట్‌వర్క్‌కి ఒకసారికి చూపించే డేటా ముక్కలో, అంటే విండోలో, వెళ్లడం, రావడం రెండూ పట్టాలి. రానూపోనూ విదిలింపుకి సుమారు 0.7 సెకన్లు పడుతుంది. అందుకని సెకనుకి 50 శాంపిళ్ల చొప్పున ఒక సెకను విండో తీసుకోండి. మూడు అక్షాలకి కలిపి 150 అంకెలు. దీనికి 16 న్యూరాన్ల ఒక్క లేయరు, దాని తర్వాత 5 అవుట్‌పుట్లు చాలు. మొత్తం వెయిట్లూ బయాస్‌లూ కలిపి 2,501, ESP32కి అదొక లెక్కే కాదు.

అవుట్‌పుట్లు ఐదెందుకంటే, రెండో పని అదే: "ఏదీకాదు" అన్న ఐదో క్లాసు. సాఫ్ట్‌మాక్స్ ఇచ్చే అంకెలన్నీ కలిపితే ఎప్పుడూ 1 అవ్వాలి. నాలుగే క్లాసులుంటే మీరు తల గోక్కున్నా ఆ 1ని నాలుగింటికే పంచాలి. ఎన్నడూ చూడని కదలికకి కూడా 0.99 వచ్చేస్తుంది, కాబట్టి థ్రెషోల్డ్ ఒక్కదాన్నే నమ్ముకోలేం. నీళ్ల గ్లాసు ఎత్తడం, నడవడం, గ్లవ్ సర్దుకోవడం, చెయ్యి ఊపుతూ మాట్లాడటం అన్నీ రికార్డు చేసి ఈ క్లాసులో వెయ్యండి. మిగతా నాలుగు క్లాసులూ కలిపి ఎంత ఉంటే ఇదొక్కటీ కనీసం అంత ఉండాలని నా అభిప్రాయం.

ఈ క్లాసులో తప్పనిసరిగా పడాల్సింది ఇంకొకటి ఉంది, చాలామంది వదిలేసేది అదే. మీ కుడి, ఎడమ రికార్డింగులనే తీసుకుని, జెస్చర్ మధ్య నుంచి మొదలయ్యే విండోలు కత్తిరించండి. అంటే చెయ్యి వెనక్కి వచ్చే సగం మాత్రమే ఉన్నవి. అలాగే జెస్చర్ ఇంకా పూర్తవ్వకుండా విండో చివర్లో మొదటి సగమే కనిపించేవి. ఈ రెండు రకాలకీ "ఏదీకాదు" అని లేబుల్ ఇవ్వండి. సగం చూసి తీర్పు చెప్పకూడదని నెట్‌వర్క్ నేర్చుకునేది ఇక్కడే. మా కారు ఎదురు తిరగడం మానేసింది కూడా ఈ విండోలు వేశాకే.

తర్వాత కమాండ్ పంపే చోట కాస్త ఓపిక పట్టాలి. ప్రతి 5 శాంపిళ్లకి, అంటే 100 మిల్లీసెకన్లకి ఒకసారి నెట్‌వర్క్‌ని అడిగి, వరుసగా రెండుసార్లు ఒకే జవాబొస్తేనే పంపండి:

```cpp
int g = argmax(p, 5);
bool ok = g != NONE && p[g] > 0.85
          && millis() - lastFire > 700;
if (ok && g == prev) {
  sendCmd(g);
  lastFire = millis();
  prev = NONE;
} else {
  prev = ok ? g : NONE;
}
```

0.7 సెకన్ల జెస్చర్ ఒక సెకను విండోలో పూర్తిగా ఉండే సమయం 0.3 సెకన్లు, కాబట్టి రెండు జవాబులకి చోటుంటుంది. విండోని ఇంకా కుదిస్తే ఆ చోటు పోతుంది.

ఇక 97% సంగతి. ఒకే రికార్డింగు నుంచి ఒకదానిమీదొకటి పడే విండోలు కత్తిరించి, కలగాపులగం చేసి ట్రైన్, టెస్ట్‌గా విడగొట్టి ఉంటే ఆ అంకెకి విలువ లేదు. ఒకే విదిలింపు కొద్దిగా జరిగి రెండు వైపులా ఉంటుంది, నెట్‌వర్క్ తను చూసిన దాన్నే మళ్లీ చూస్తుంది. విండోలు కాదు, రికార్డింగులు విడగొట్టండి. ఇంట్లో ఇంకొకరి చేత చేయించిన రికార్డింగు మొత్తం టెస్టుకే ఉంచితే ఇంకా మంచిది. యాక్యురసీ తగ్గుతుంది, కానీ కారు మీద కనిపించబోయేది దానికి దగ్గరగా ఉంటుంది.

డేటా తీసేటప్పుడు సీరియల్ వేగం కూడా చూసుకోండి. 9600 బాడ్‌లో సెకనుకి 960 అక్షరాలే వెళ్తాయి. మూడు అంకెల వరుస 24 అక్షరాలైతే సెకనుకి 40 వరుసలు దాటవు, మీరు 50 అనుకున్నా సరే. కారు నడిపేటప్పుడు ఆ ప్రింట్లు ఉండవు కాబట్టి నిజంగా 50 వస్తాయి, అదే జెస్చర్ సాగినట్టు కనిపిస్తుంది. 115200 పెట్టి, ప్రతి వరుసలో `micros()` విలువ కూడా రాయించండి, తేడా ఉంటే వెంటనే తెలుస్తుంది. గీత శిఖరం బల్లపరుపుగా తెగి 32767 దగ్గర ఆగిపోతుంటే సెన్సర్ ±2g రేంజ్‌లో ఉందన్నమాట. రిజిస్టర్ 0x1Cలో 0x08 రాస్తే ±4g అవుతుంది, అప్పుడు 1g అంటే 8192. రేంజ్ మారిస్తే పాత డేటాని కొత్త దానితో కలపకండి.

"ఆగు"కి మీరు చెయ్యి వెనక్కి లాగుతుంటే దాన్ని మార్చండి. అది "ముందుకు"కి అద్దంలో బొమ్మే కాబట్టి అక్కడా ఇదే తలనొప్పి. మేం చెయ్యి గబగబా ఆడించడం పెట్టాం. గీత పైకీ కిందికీ చాలాసార్లు పోతుంది, మిగతా వాటితో పోలికే ఉండదు. కారు గోడ వైపు పోతున్నప్పుడు ఎవరికైనా చేతికొచ్చేది కూడా అదే.

ఒక పరిమితి మాత్రం ముందే తెలుసుకోండి. చెయ్యి తిరిగొచ్చాకే తీర్పు వస్తుంది కాబట్టి జెస్చర్ మొదలుపెట్టాక దాదాపు ఒక సెకనుకి కారు కదులుతుంది. అందుకే "కుడి" అంటే 300 మిల్లీసెకన్లు తిరిగి మళ్లీ నేరుగా వెళ్లేలా పెట్టండి. స్టీరింగ్ లాగా కొద్దికొద్దిగా తిప్పాలంటే చెయ్యి వాల్చిన కోణం చాలు. `atan2(ay, az)` ఒక్క వరుసలో వచ్చేస్తుంది, దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. వంపుతో తిప్పడం, జెస్చర్లతో బయల్దేరడం, ఆగడం అని పంచుకోవచ్చు. అలా చేస్తే కుడి, ఎడమ క్లాసులు తీసేసి మూడు అవుట్‌పుట్లతో మళ్లీ ట్రైన్ చెయ్యండి. వంపు మారుస్తున్న కదలికల్ని కూడా "ఏదీకాదు"లో రికార్డు చెయ్యడం మరవకండి.