అనువాదం సహజంగా ఉంది, మరి నోటీసు ఎందుకొచ్చింది?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సామాన్లు అమ్మే ఒకాయనకు 40 వస్తువుల వివరణలు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి రాసిచ్చాను. ముక్కకు ముక్క కాకుండా మనవాళ్లు మాట్లాడుకునేలా రాయమన్నారు, అలాగే రాశాను. ‘చాలా బాగుంది, పెట్టేస్తున్నా’ అని వాట్సాప్‌లో మెచ్చుకున్నారు కూడా. అందులో ఒక స్పీకర్ కొన్నాయన అది నీళ్లలో పడి పాడైందని అమ్మకందారుకు నోటీసు పంపారు. ఇప్పుడు తప్పంతా నా అనువాదానిదేనని నా ఫీజు మొత్తం ఆపేశారు, నష్టం కూడా నన్నే కట్టమంటున్నారు. రాత్రింబవళ్లు కష్టపడ్డాను, చాలా బాధగా ఉంది. పేజీ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఆ వాక్యం మార్చేస్తే గొడవ సద్దుమణుగుతుందా?

జవాబు: ముందుగా చెప్పేది, ఆ పేజీ జోలికి వెళ్లకండి. పాస్‌వర్డ్ మీకిచ్చింది పని కోసం. పని ముగిసి, తగాదా మొదలయ్యాక యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లి సమాచారం మారిస్తే ఐటీ చట్టం సెక్షన్ 43 మీ మెడకు చుట్టుకుంటుంది. పైగా నోటీసు పంపిన మనిషి దగ్గర స్క్రీన్‌షాట్ లేకుండా ఉంటుందా? మీరు మార్చిన మరుక్షణం, ఇప్పటికి పొరపాటుగా ఉన్నది రుజువును మాయం చేసిన పనిగా కనిపిస్తుంది. వాక్యం మారాల్సిందే, లేకపోతే ఇంకొకరు మోసపోతారు. కానీ మార్చాల్సింది అమ్మకందారు. పాత పేజీని తేదీ, చిరునామా కనిపించేలా భద్రపరచుకున్నాకే, ఎప్పుడు మార్చారో రాసి పెట్టుకుని మార్చాలి.

ఇక అసలు విషయం. మీ తెలుగు సహజంగా ఉందా లేదా అన్నది ఈ కేసులో ప్రశ్నే కాదు. ఇంగ్లిష్‌లో లేని హామీ తెలుగులో పుట్టిందా? తేలాల్సింది అదొక్కటే. మీరు పంపిన కాగితాల్లో మూల వాక్యం సారాంశం ఇది: నీటిని కొంతవరకు తట్టుకుంటుంది, రేటింగ్ IPX4, 12 గంటల వరకు పాడుతుంది. మీరు రాసింది: ‘నీళ్లలో పడ్డా చెక్కుచెదరదు. ఒక్క చార్జింగ్‌తో 12 గంటలు పాటలే పాటలు.’

వాక్యం చక్కగా ఉంది, కాదనను. కానీ IPX4 అంటే ఏ వైపు నుంచి నీటి తుంపరలు పడినా తట్టుకుంటుందని మాత్రమే. 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉన్నా ఫర్వాలేదనాలంటే IPX7 రేటింగ్ కావాలి. ‘నీటి నిరోధక స్పీకర్’ అని ముక్కకు ముక్క దించితే ఎవరికీ అర్థం కాదన్న మీ అనుమానం సరైనదే. దాన్ని వదిలించుకోబోయి హద్దునే చెరిపేశారు. ఆ 4 అంకె ఏమిటని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. రెండో వాక్యంలో ‘పాటలే పాటలు’ మీద ఎవరూ కేసు వేయరు, అది అంగడి మాట. ‘వరకు’ అనే చిన్న మాట ఎగిరిపోవడం మాత్రం తప్పే. గరిష్ఠంగా వచ్చే సమయం ఖాయంగా వచ్చే సమయంగా మారిపోయింది.

సహజంగా రాస్తూనే హద్దు నిలుపుకోవచ్చు: ‘నీటి తుంపరలు పడినా ఫర్వాలేదు, నీళ్లలో మాత్రం ముంచకూడదు. పూర్తిగా చార్జ్ చేస్తే 12 గంటల వరకు పాటలు వినొచ్చు.’ ఇందులో కృతకమైన మాట ఒక్కటీ లేదు. మన భాషలో జారుడు ఎక్కడుంటుందంటే ‘అస్సలు’, ‘ఎప్పటికీ’, ‘అన్నీ’, ‘ఎంతైనా’ లాంటి మాటల్లో. వాక్యం ఊపు కోసం చేయి తనంతట తానే వాటిని రాసేస్తుంది. ఒక సంచి గురించి ‘రోజువారీ వస్తువులకు అనువుగా రూపొందించబడింది’ అన్నది ఎండిపోయిన తెలుగు. దాన్ని ‘రోజూ పట్టుకెళ్లే సామానంతా ఇందులో పట్టేస్తుంది’ అంటే ప్రాణం వస్తుంది, దాంతోపాటు ఆ ‘అంతా’లో కొత్త హామీ కూడా వస్తుంది. ‘రోజూ పట్టుకెళ్లే సామాను సర్దుకోవడానికి వీలుగా ఉంటుంది’ అంటే చాలు.

ఇప్పుడు బాధ్యత. కొన్న మనిషికి ఒప్పందం ఉన్నది అమ్మకందారుతో, మీతో కాదు. వినియోగదారుల కమిషన్‌లో ఆయన జవాబు అడిగేది అమ్మకందారునే. ఫిర్యాదు వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్ల గడువు ఉంటుంది. కాబట్టి కొన్నాళ్లు ఆగితే అదే చల్లారుతుందన్న ఆశ వద్దు. ఆ తర్వాత అమ్మకందారు మీ మీదికి రావచ్చు. కానీ మీ తప్పు వల్ల తనకు నిజంగా ఎంత నష్టం వచ్చిందో రుజువు చేయాల్సింది ఆయనే. అక్కడ ఆయన పంపిన ‘చాలా బాగుంది, పెట్టేస్తున్నా’ అన్న మెసేజ్ మీకు పనికొస్తుంది. తెలుగు చదవగలిగి, వస్తువు గురించి మీకంటే ఎక్కువ తెలిసిన మనిషి చూసి ఒప్పుకున్నారు. దానితో మీ బాధ్యత పూర్తిగా పోదు, తగ్గడానికి మాత్రం గట్టి ఆధారం.

ఫీజు సంగతి వేరు. తప్పు ఒక్క వివరణలో ఉంది. మిగతా 39 వివరణలను ఆయన ఇప్పటికీ వాడుకుంటూ అమ్ముకుంటున్నట్లయితే వాటి డబ్బు ఆపే హక్కు ఆయనకు లేదు. డబ్బు ఎప్పుడివ్వాలో ముందే తేదీ అనుకోకపోతే, లిమిటేషన్ చట్టం ప్రకారం పని పూర్తయిన నాటి నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. ‘వచ్చే నెల చూద్దాం’ అన్న నోటిమాటతో ఆ గడువు పెరగదు. బాకీ ఉందని గడువులోపే రాసి సంతకం చేయించుకుంటే మాత్రం ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది.

రుజువుల్లో మీ అజాగ్రత్త ఇంకొకటి ఉంది. ఇంగ్లిష్ మూలం ఏ ఫైల్‌లో వచ్చిందో వెతుక్కోవాల్సి వస్తోందన్నారు. మూలం లేకుండా మీ వాక్యం హద్దు దాటిందా లేదా అని ఎవరు చెబుతారు? వెంటనే ఆ ఫైల్‌ను, మీరు పంపిన ఫైల్‌ను, మెసేజ్‌లను విడిగా దాచండి. చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టుకు ప్రింట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. దాని రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైల్ మారలేదని చూపే హాష్ విలువ కూడా రాయాలి. దానికి అసలు ఫోన్ మీ దగ్గరుండటం మేలు.

ఈ వారంలోనే ఆయనకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. స్పీకర్ వివరణకు సరిచేసిన పాఠం ఉచితంగా ఇస్తున్నానని, పేజీని మీరే మార్చుకోండని, మిగతా 39 వివరణల ఫీజు 15 రోజుల్లో చెల్లించమని రాయండి. క్షమాపణలు, కష్టాల వర్ణన వద్దు. ‘తప్పంతా నాదే’ అన్న మాట పొరపాటున కూడా రాయకండి, అది మీ మీదే ప్రయోగిస్తారు.

ఆ ఉత్తరం పంపే ముందు మిగతా 39 కూడా ఒకసారి తిరగేయండి. ఒక్కో తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ చూడని మనిషికి ఇచ్చి, ‘ఇది చదివితే ఈ వస్తువుతో ఏమేం చేయొచ్చనిపిస్తోంది?’ అని అడగండి. వారు చెప్పినదాన్ని మూలంతో పోల్చండి. ఎక్కువ చెప్పిన చోటల్లా గుర్తు పెట్టి, ఆ జాబితా నా దగ్గరికి తీసుకురండి. ఉత్తరంలో ఎన్ని వివరణల ఫీజు అడగాలో అప్పుడు తేల్చుదాం.