బ్రోషర్‌లో 'ఎఫ్‌ఎస్‌ఐ 2.8' అని ఉందంటే ఏం చూడాలి

రవీ,

నువ్వు పంపిన బ్రోషర్ చూశాను. స్విమ్మింగ్ పూల్ ఫొటో పేజీ అంతా పరిచారు గానీ అసలు సంగతి చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: స్థలం 6 గ్రౌండ్లు, స్టిల్ట్ ప్లస్ 5 అంతస్తులు, ఎఫ్‌ఎస్‌ఐ 2.0, "ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐతో 2.8, భవిష్యత్తులో ఆరో అంతస్తు". ఆ ఆరో అంతస్తులో ఫ్లాటు తక్కువ ధరకి ఇస్తానని బిల్డర్ అన్నాడని రాశావు కదా, దాని గురించే ఈ ఉత్తరం.

నువ్వు హైదరాబాద్‌లో పెరిగావు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఐ అనే మాట కొత్తగా ఉండడంలో వింతేమీ లేదు. 2006లో జీవో 86తో అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, వీటిని బట్టే ఎత్తు తేలుతుంది. అందుకే కొండాపూర్ వైపు ఆ టవర్లు అలా లేచాయి. చెన్నైలో అలా కుదరదు. ఇక్కడ 2019 నాటి తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నియమాలు నడుస్తాయి, వాటిలో ప్రతి స్థలానికీ ఒక కోటా ఉంటుంది. ఆ కోటానే ఎఫ్‌ఎస్‌ఐ: అన్ని అంతస్తుల్లో కట్టిన విస్తీర్ణం మొత్తం కలిపి, దాన్ని స్థలం విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే సంఖ్య. స్టిల్ట్‌లో కార్లు పెట్టుకునే చోటు ఇందులోకి రాదు.

మీ లెక్కే వేద్దాం. గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు కాబట్టి 6 గ్రౌండ్లు 14,400. ఎఫ్‌ఎస్‌ఐ 2.0 అంటే 28,800 చదరపు అడుగులు కట్టుకోవచ్చు. అయిదు అంతస్తులకి పంచితే అంతస్తుకి 5,760, అంటే స్థలంలో 40 శాతం మీద బిల్డింగ్ నిలబడుతుంది, మిగతాది ఖాళీ. అదే 28,800ని సన్నగా లేపితే పది అంతస్తులకి 2,880 చొప్పున వస్తుంది. చూశావా, ఎఫ్‌ఎస్‌ఐ ఒక్కటే ఎత్తుని ఆపదు, అది చెప్పేది మొత్తం ఎంత కట్టొచ్చో మాత్రమే. పొడుగ్గా కడతావా, వెడల్పుగా కడతావా అన్నది ఇంకో రెండు రూళ్లు తేలుస్తాయి.

మొదటిది 18.30 మీటర్ల గీత. దాని లోపల ఉంటే మామూలు బిల్డింగ్, దాటితే హైరైజ్ కింద లెక్క. హైరైజ్ అయిందంటే రోడ్డు వెడల్పు, చుట్టూ ఖాళీ, ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుమతి అన్నీ వేరే. 18 మీటర్ల రోడ్డు ఉన్న హైరైజ్‌కి 3.25 ఎఫ్‌ఎస్‌ఐ వరకు ఇస్తారు, కానీ మీ స్థలం ముందున్నది నలభై అడుగుల రోడ్డే. ఇప్పుడు మీవాడి స్టిల్ట్ ప్లస్ 5 చూడు: ఆరు లెవెళ్లు, ఒక్కోటి సుమారు 3 మీటర్లు వేసుకుంటే 18, గీతకి ఆనుకుని సరిపోయింది. ఆరో అంతస్తు వేస్తే 21 అవుతుంది. స్టిల్ట్‌ని 2.6 మీటర్లకి కుదించి, గదులకి పైకప్పు తగ్గించి ఎంత పిసినారితనం చేసినా 20 దరిదాపుల్లోనే తేలుతుంది. అంటే ఎఫ్‌ఎస్‌ఐలో చోటున్నా మామూలు బిల్డింగ్ ఎత్తులో లేదు. హైరైజ్ అనుమతి రాకపోతే ఆ ఆరో అంతస్తు కాగితం మీదే ఉంటుంది, నువ్వు మాత్రం అడ్వాన్సు నిజంగానే కట్టి ఉంటావు.

మరి 2.8 అబద్ధమా అంటే, కాదు. ప్రభుత్వం నేలకి కట్టిన ధర, అదే గైడ్‌లైన్ విలువ, దాన్ని బట్టి ఫీజు కట్టి అదనపు కోటా కొనుక్కోవచ్చు, దాన్నే ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. 18 మీటర్లు, అంతకు మించిన రోడ్డుకి 50 శాతం, 12 నుంచి 18 మీటర్లకి 40 శాతం, 9 నుంచి 12కి 30 శాతం. మీ రోడ్డు నలభై అడుగులు అంటున్నాడు, అంటే 12.19 మీటర్లు, కాబట్టి 2.0 మీద 40 శాతం కలిపి 2.8 అని వేసుకున్నాడు. ఇక్కడే నువ్వు ఆదివారం పొద్దున ఒక టేపు పట్టుకుని వెళ్లాలి. ఈ ఊళ్లో నలభై అడుగుల రోడ్డని చెప్పేవి చాలాచోట్ల 39కి దిగిపోతాయి, 39 అడుగులంటే 11.89 మీటర్లు, 12కి తక్కువ, అప్పుడు వచ్చేది 30 శాతమే, అంటే 2.6. ఒక్క అడుగు తేడాతో ఈ స్థలంలో 2,880 చదరపు అడుగులు పోతాయి. దాదాపు మూడు ఫ్లాట్లు!

సరే, 2.8 నిజంగా దొరికిందనే అనుకో. హైరైజ్ అనుమతి లేకుండా ఎత్తు పెంచలేడు కాబట్టి ఆ 40,320 చదరపు అడుగుల్నీ అవే అయిదు అంతస్తుల్లో సర్దాలి, అంతస్తుకి 8,064, స్థలంలో 56 శాతం. బిల్డింగ్ పక్కలకి ఉబ్బుతుంది, పక్కింటివాళ్ల కిటికీకి నీ బెడ్‌రూమ్ దగ్గరవుతుంది. దానికన్నా ముఖ్యం నీ యూడీఎస్, అదే స్థలంలో నీ వాటా. వెయ్యి చదరపు అడుగుల ఎఫ్‌ఎస్‌ఐ విస్తీర్ణం ఉన్న ఫ్లాటుకి 2.0 దగ్గర సుమారు 500 చదరపు అడుగుల నేల వస్తుంది, 2.8 దగ్గర 357కి పడిపోతుంది. ధర మాత్రం రెండింటికీ ఒకటే చెబుతారు. ముప్పై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పడగొట్టి కట్టే రోజున నీ చేతిలో మిగిలేది ఆ నేలే కదా.

ఇంకొకటి, మీ సైటు పల్లావరం వైపు అన్నావు. విమానాశ్రయం దగ్గర కాబట్టి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎత్తు అనుమతి అవసరమేమో అడుగు. వాళ్లిచ్చే సంఖ్య సముద్ర మట్టం నుంచి లెక్క, దాన్నే బిల్డింగ్ ఎత్తు అనుకునేవాళ్లు చాలామంది. 40 అని ఉండి సైటు నేల 14 మీటర్ల మీద ఉంటే నీకు మిగిలేది 26. అందులోనే వాటర్ ట్యాంకు, లిఫ్టు రూము కూడా. ఆ 18.30 గీత లెక్కలో ఇవి రావు, ఇక్కడ వస్తాయి.

చేయాల్సిందల్లా ఇది. బ్రోషర్ పక్కన పెట్టి, ప్లానింగ్ పర్మిషన్ నంబరు, సీల్ ఉన్న ప్లాన్ కాపీ అడుగు. దాని అంచున విస్తీర్ణాల పట్టిక ఉంటుంది, అందులో స్థలం విస్తీర్ణం, ఎఫ్‌ఎస్‌ఐ విస్తీర్ణం, వచ్చిన ఎఫ్‌ఎస్‌ఐ, ఎత్తు రాసి ఉంటాయి. నువ్వే భాగించి చూసుకో. ఆ పట్టికలో లేని అంతస్తులో ఫ్లాటు అమ్ముతున్నాడంటే మాటల్లేవు, లేచి వచ్చెయ్. రియల్ ఎస్టేట్ మీద నిఘా పెట్టే తమిళనాడు రెరా సైట్లో కూడా ఫ్లాట్ల సంఖ్య సరిపోతోందేమో చూడు.

అగ్రిమెంటులో "భవిష్యత్తులో వచ్చే అదనపు ఎఫ్‌ఎస్‌ఐ హక్కు బిల్డర్‌దే" అని ఒక వాక్యం ఉంటుంది, దాదాపు అందరూ పెడతారు. కొట్టేయించు. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్లాన్‌లో పెద్ద మార్పు చేయాలంటే మూడింట రెండొంతుల మంది కొనుగోలుదార్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కానీ ఆ వాక్యం కింద నీ సంతకం పడితే "ముందే ఒప్పుకున్నావుగా" అని వాదిస్తాడు. అనవసరపు టెన్షన్. అగ్రిమెంటు డ్రాఫ్టు రాగానే సంతకం పెట్టకుండా ముందు నాకు వాట్సాప్ చెయ్యి. పిన్ని అడిగింది, పండక్కి వస్తున్నావా అని.

మీ బాబాయ్