వాటాదారుగా కంపెనీ రిజిస్టర్లు, మినిట్స్ అడిగే ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: మా నాన్నగారు పోయాక ఒక కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఆయన షేర్లు నాకు వచ్చాయి. పెదనాన్న కొడుకులే డైరెక్టర్లు. ఏమడిగినా దాటవేస్తున్నారు. రిజిస్టర్లు చూపించమని, మినిట్స్ కాపీలు ఇవ్వమని బోర్డుకి ఉత్తరం రాయొచ్చా? ఏం రాయాలి?

జవాబు:

రాయొచ్చు. అయితే నేను మొదటిసారి చేసిన తప్పు మీరు చేయకండి. మాది గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ. మొత్తం 10,000 షేర్లలో నాన్నవి 2,600, అంటే 26 శాతం. ఆయన తర్వాత అవి అమ్మ పేరు మీదకి మారాయి. మేనేజింగ్ డైరెక్టర్ మా బాబాయి. రెండేళ్లు డివిడెండూ లేదు, మీటింగ్ నోటీసూ లేదు. కోపంలో నేను నాలుగు పేజీల ఉత్తరం రాసి అమ్మతో సంతకం పెట్టించాను. అందులో బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఓచర్లు, బోర్డు మీటింగుల మినిట్స్, అద్దె రసీదులు, ఒకటేమిటి, అన్నీ అడిగేశాను. మూడు వారాలకి వాళ్ల లాయర్ నుంచి రెండే రెండు వాక్యాల జవాబు వచ్చింది: ఇవి చూసే హక్కు వాటాదారుకి లేదు, కాబట్టి మీ అభ్యర్థన తిరస్కరించాం.

బాధేమిటంటే ఆయన చెప్పినదాంట్లో చాలా భాగం నిజమే. ఖాతా పుస్తకాలు చూసే హక్కు డైరెక్టర్లది, వాటాదారుది కాదు. బోర్డు మీటింగుల మినిట్స్ కూడా అంతే. మనకి ఉన్న హక్కులు వేరు. వాటిని లేనివాటితో కలిపి అడిగితే, లేనివాటిని చూపించి మొత్తం తోసేస్తారు.

కంపెనీల చట్టం 2013 ప్రకారం మీరు ధైర్యంగా అడగగలిగేవి ఇవి. సభ్యుల రిజిస్టరు, వార్షిక రిటర్నులు సెక్షన్ 94 కింద వస్తాయి. జనరల్ మీటింగుల మినిట్స్, అంటే వాటాదారుల సమావేశాలవి, సెక్షన్ 119 కింద వస్తాయి. డైరెక్టర్ల రిజిస్టరు, అందులో వాళ్ల వాటాల వివరాలు సెక్షన్ 171 కింద. డైరెక్టర్లకి సంబంధం ఉన్న కాంట్రాక్టుల రిజిస్టరు సెక్షన్ 189 కింద. తాకట్ల రిజిస్టరు కూడా ఉంది కానీ, మా గొడవకి దానితో పని పడలేదు.

ఇంకో మాట. షేర్లు మీకు "వచ్చాయి" అన్నారు. రిజిస్టర్లో మీ పేరు ఎక్కిందా? వారసుడు అయినంత మాత్రాన సభ్యుడు కాడు, పేరు ఎక్కితేనే సభ్యుడు. ఎక్కకపోతే ముందు ఆ దరఖాస్తు పెట్టండి. సభ్యుల రిజిస్టరుని బయటివాళ్లు కూడా 50 రూపాయలకి మించని ఫీజు కట్టి చూడొచ్చు కానీ, మినిట్స్ మాత్రం సభ్యులకే.

రెండో ఉత్తరం కంపెనీ సెక్రటరీగా పనిచేసే స్నేహితుడు దగ్గరుండి రాయించాడు. ఇంగ్లీషులో పంపాం. తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"డైరెక్టర్ల బోర్డుకి, (రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా). నేను ఫోలియో నంబరు ఫలానా కింద 2,600 ఈక్విటీ షేర్లు ఉన్న సభ్యురాలిని. సెక్షన్ 94 కింద సభ్యుల రిజిస్టరును, గత మూడేళ్ల వార్షిక రిటర్నులను, సెక్షన్ 119 కింద అదే కాలపు జనరల్ మీటింగుల మినిట్స్ పుస్తకాన్ని, సెక్షన్లు 171, 189 కింద ఆయా రిజిస్టర్లను ఫలానా తేదీ ఉదయం 11 గంటలకి చూడదలిచాను. ఆ సమయం కుదరకపోతే దగ్గరలోని మరో పనిదినం తెలపండి. సభ్యుల రిజిస్టరు, మినిట్స్ కాపీలు కూడా కావాలి. పేజీల లెక్క చెబితే ఫీజు వెంటనే కడతాను. మినిట్స్ సాఫ్ట్ కాపీ ఈమెయిల్‌లో పంపగలరు."

అంతే. ఎందుకు కావాలో రాయలేదు. ఈ హక్కు వాడుకోవడానికి కారణం చెప్పాలని చట్టం అడగదు. పైగా కారణం రాస్తే వాదన దాని మీదకి పోతుంది. అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో పంపి, కంపెనీల రికార్డులు ఉంచే కేంద్ర ప్రభుత్వ MCA పోర్టల్లో కంపెనీ పేరు మీద ఉన్న ఈమెయిల్‌కి కూడా పెట్టాం.

కాపీకి పేజీకి 10 రూపాయలకి మించి తీసుకోకూడదు. సభ్యుల రిజిస్టరు కాపీ ఫీజు కట్టిన ఏడు రోజుల్లో, మినిట్స్ కాపీ అడిగిన ఏడు పనిదినాల్లో ఇవ్వాలి. గత మూడు ఆర్థిక సంవత్సరాల జనరల్ మీటింగుల మినిట్స్ సాఫ్ట్ కాపీ అడిగితే ఉచితం. మినిట్స్ చూపించకపోతే కంపెనీకి 25,000, బాధ్యుడైన అధికారికి 5,000 రూపాయల జరిమానా, అదీ ప్రతి తిరస్కరణకీ. వెంటనే చూపించమని ఆదేశించే అధికారం కంపెనీ వివాదాలు విచారించే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి ఉంది. ఇవేవీ ఉత్తరంలో రాయొద్దన్నాడు మా వాడు. సెక్షన్ నంబర్లు చూస్తే వాళ్ల లాయరుకే అర్థమవుతుందని.

అర్థమైంది. తొమ్మిదో రోజున కబురొచ్చింది, పొద్దున 11 నుంచి ఒంటిగంట దాకా రమ్మని. రెండు గంటలే ఏంటని నేను గింజుకున్నాను కానీ, రోజుకి కనీసం రెండు గంటలు ఇస్తే చట్టానికి సరిపోతుంది. అమ్మా నేనూ వెళ్లాం. రిజిస్టరు తిప్పితే, ఏడాది క్రితం 4,000 కొత్త షేర్లు బాబాయి కొడుకు పేరున ఎక్కి ఉన్నాయి, ముఖ విలువ 100 రూపాయలకే. ఇప్పుడు మొత్తం 14,000. అమ్మ వాటా 26 నుంచి 18.57 శాతానికి పడిపోయింది. స్పెషల్ రిజల్యూషన్ నెగ్గాలంటే పోలైన ఓట్లలో 75 శాతం కావాలి. 26 శాతం ఉన్నప్పుడు అమ్మ ఒక్కతే కాదంటే ఆగిపోయేది. ఇప్పుడు ఆగదు.

ఒక్కరికే అలా షేర్లు ఇవ్వాలంటే స్పెషల్ రిజల్యూషన్ కావాలి. మినిట్స్ పుస్తకంలో అది ఉంది కూడా. "సభ్యులందరూ హాజరై ఏకగ్రీవంగా ఆమోదించారు" అని, హాజరైన వాళ్లలో అమ్మ పేరు. తేదీ చూసి అమ్మ నవ్వింది. ఆ రోజు మేమందరం బెంగళూరులో చెల్లి సీమంతంలో ఉన్నాం. ఫొటోలున్నాయి, రైలు టికెట్లున్నాయి.

మీరు చూసేటప్పుడు మినిట్స్ పేజీల నంబర్లు వరసగా ఉన్నాయా, ప్రతి పేజీ మీదా పొడి సంతకం ఉందా, చివరి పేజీ మీద సంతకంతో పాటు తేదీ ఉందా గమనించండి. విడి కాగితాలు పుస్తకంలో అంటించకూడదు. మీటింగ్ అయిన 30 రోజుల్లోపు రాసి సంతకం చేయాలి. మా దాంట్లో ఆ రెండు పేజీలు అంటించినవే! సంతకం కింద తేదీ లేదు. అదంతా ఒక కాగితం మీద రాసుకున్నాను, ఫొటో తీయనివ్వలేదు కాబట్టి. కాపీలకి 22 పేజీలకి 220 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాం. తర్వాత పోర్టల్లో ఫీజు కట్టి ఆ షేర్ల జారీకి వేసిన PAS-3 ఫారం దించుకుని పక్కపక్కన పెట్టి చూశాం. మినిట్స్‌లో రాసిన తేదీ ఒకటి, ఫారంలో రిజల్యూషన్ తేదీగా రాసింది ఇంకొకటి.

మా లాయరు ఈ కాపీలు జతచేసి నోటీసు ఇచ్చాక బాబాయే ఫోన్ చేశాడు. కోర్టుదాకా పోకుండా, 4,000లో మా పాత నిష్పత్తి ప్రకారం రావాల్సిన 1,040 షేర్లని అదే ధరకి, అంటే 1,04,000 రూపాయలకి, అమ్మ పేరు మీదకి బదిలీ చేయడానికి ఒప్పుకున్నాడు. 2,600కి అవి కలిపితే 3,640, మళ్లీ 26 శాతం. బదిలీ అయ్యాక అమ్మతో మళ్లీ ఒక చిన్న ఉత్తరం రాయించాను, సభ్యుల రిజిస్టరు చూడాలని. ఈసారి బాబాయి టీ కూడా తెప్పించాడు. నేను మాత్రం ముందు 3,640 అని రాసి ఉందో లేదో చూసి, తర్వాతే కప్పు అందుకున్నాను.