గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, రోజూ క్వార్టర్ అలవాటు

"అన్నా, మాది గుణుపురం. ఆరేళ్లుగా రోజూ రాత్రి క్వార్టర్ తాగుతా. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. నొప్పేమీ లేదు. మానేస్తే తగ్గుతుందా?"

తగ్గుతుంది తమ్ముడూ. ఈ దశలో నొప్పి లేకపోవడమే మామూలు. పర్లాకిమిడిలో ఉండే మా బావకూ పొద్దున్నే నీరసం, కుడి పక్కటెముకల కింద కాస్త బరువు, అంతే. రక్తపరీక్షలో మాత్రం లివర్ ఎంజైములు పెరిగాయి: ఎస్‌జీఓటీ 92, ఎస్‌జీపీటీ 44, జీజీటీ 180. ఎస్‌జీఓటీ ఇలా ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉంటే ముందు అనుమానించేది మద్యాన్నే. నీ రిపోర్టులోనూ ఈ మూడూ చూసుకో.

మద్యాన్ని విరగ్గొట్టే పనిలో పడ్డ లివర్ కొవ్వును ఖర్చు చేయలేక లోపలే పేర్చుకుంటుంది. పూర్తిగా మానేస్తే చాలామందిలో ఆ కొవ్వు రెండు నుంచి ఆరు వారాల్లో పోతుంది. బావ చుక్క ముట్టలేదు. ఆరు వారాలకు జీజీటీ 52కి దిగింది. లివర్‌లో మచ్చలు కట్టి గట్టిపడితే మాత్రం ఇంత సులువు కాదు. అది మామూలు స్కానింగ్‌లో తప్పిపోవచ్చు, కాబట్టి లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ గురించి డాక్టర్‌ని అడుగు.

ఒక్క విషయంలో నాకు నీ గురించి భయం. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కొందరికి రెండు మూడు రోజుల్లోపే ఫిట్స్ వస్తాయి. అందుకే ముందు డాక్టర్‌ని కలిసి, ఆయన చెప్పినట్టు ఆపు. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా ఆగకుండా బరంపురం పెద్దాసుపత్రికి వెళ్లిపో.