అంచుల మిణుకు అంచుల్లో పుట్టదు

ప్రశ్న: “డూప్ చేసిన ఫైట్ షాట్‌లో హీరో మొహం పెడుతున్నాను, ఇద్దరి సంతకాలూ తీసుకున్నాం. ఆపి చూస్తే ప్రతి ఫ్రేమూ బాగుంది. ప్లే చేస్తే దవడ, నుదురు అంచుల దగ్గర మిణుకుమంటోంది. మాస్క్ బ్లర్ ఎంత పెంచినా పోవట్లేదు. ఏం చేయాలి?”

బ్లర్ పెంచడం ఆపండి. చాలా షాట్లలో ఈ జబ్బు మాస్క్‌ది కాదు, మొహాన్ని కొలిచే దశది.

మొహాన్ని వెతికి పట్టే ఇన్‌సైట్‌ఫేస్ లాంటి డిటెక్టర్ ప్రతి ఫ్రేమ్‌లో రెండు కళ్లు, ముక్కు, రెండు పెదవి మూలలు కలిపి అయిదు పాయింట్లు ఇస్తుంది. మొహాన్ని ఏ సైజులో, ఏ వాలులో కత్తిరించాలో, తిరిగి ఎక్కడ అతికించాలో నిర్ణయించేది ఇవే. డిటెక్టర్ సైజు 640 పెడితే 1920 వెడల్పు ఫ్రేమ్ మూడో వంతుకు కుదించుకుపోతుంది. అక్కడ ఒక పిక్సెల్ తప్పితే మీ ఫ్రేమ్‌లో మూడు తప్పినట్టు. కళ్ల మధ్య 200 పిక్సెళ్లుంటే అది 1.5 శాతం. అయిదు పాయింట్ల సగటు వల్ల కొంత తగ్గవచ్చు గానీ, ఆ తప్పు పూర్తిగా సైజులోకి పోయిందనుకోండి: ముక్కు దగ్గర ఏమీ కనపడదు, మధ్య నుంచి 250 పిక్సెళ్ల దూరంలో ఉన్న దవడ మాత్రం దాదాపు 4 పిక్సెళ్లు జరుగుతుంది. వాలులో తప్పు కూడా అంతే, దూరం పోయేకొద్దీ పెరుగుతుంది. అందుకే కళ్లు, ముక్కు నిలకడగా ఉండి అంచులే వణుకుతాయి. డైలాగ్ ఉంటే ఇంకో తంటా: పెదవి మూలలు కదిలినప్పుడల్లా మొహం మొత్తం ఉబ్బి తగ్గుతుంది.

కాబట్టి ముందు షాట్ మొత్తానికీ కొలతలు తీసి దాచుకోండి, సరిచేయండి, ఆ తర్వాతే మొహం మార్చండి. మొహం దొరకని ఒకటి రెండు ఫ్రేములకు అటూ ఇటూ ఉన్న విలువల మధ్య విలువ వేయండి. పాయింట్లను నేరుగా నునుపు చేయడం కంటే సైజు, వాలు, మొహం మధ్యబిందువు అని విడదీయడం మేలు. సైజు నిజంగా మెల్లగానే మారుతుంది, దాన్ని గట్టిగా నునుపు చేయవచ్చు. మధ్యబిందువు వేగంగా కదులుతుంది, దాన్ని తేలికగా తాకాలి. లేకపోతే మొహం తల మీద జారుతున్నట్టు ఉంటుంది.

```python
from scipy.signal import savgol_filter
size   = savgol_filter(size, 13, 2)
angle  = savgol_filter(angle, 9, 2)
center = savgol_filter(center, 5, 2, axis=0)
```

కత్తిరించడానికీ, తిరిగి అతికించడానికీ ఈ సరిచేసిన కొలతే వాడాలి. ఒకచోట కొత్తది, ఇంకోచోట పాతది వాడితే వణుకు మళ్లీ వచ్చేస్తుంది.

మీది ఫైట్ కాబట్టి ఇంకో మాట. 96 ఫ్రేముల షాట్‌లో 60వ ఫ్రేమ్ దగ్గర గుద్దు పడిందనుకోండి. తల మూడు నాలుగు ఫ్రేముల్లో పక్కకు తిరుగుతుంది, ఈ ఫిల్టర్ ఆ విసురును చదును చేసేస్తుంది. 1–58, 64–96 విడివిడిగా నునుపు చేసి, మధ్యలో అసలు కొలతలే ఉంచండి. ఆ అయిదు ఫ్రేముల్లో కదలిక మసకే వణుకును కప్పేస్తుంది. కట్ దాటి నునుపు చేయడం మాత్రం ఎన్నడూ వద్దు.

ఇప్పుడు మాస్క్. దాని గీత దవడ చివర మీద ఉంటే ఒక్క పిక్సెల్ తేడాకే వెనక గోడ తొంగిచూస్తుంది. 512 సైజు క్రాప్‌లో 12 పిక్సెళ్లు లోపలికి కుదించి, ఆ తర్వాత అటూ ఇటూ కలిపి 20 పిక్సెళ్ల వెడల్పు వరకు బ్లర్ ఇవ్వండి. చర్మం మీద చర్మం కలిసే చోట చిన్న తప్పులు కనపడవు. నుదుటి మీద జుట్టు పడితే మాస్క్ ఒక ఫ్రేమ్‌లో దాన్ని జుట్టంటుంది, ఇంకో ఫ్రేమ్‌లో చర్మమంటుంది. కత్తిరించిన క్రాప్‌లో మొహం కదలదు కనుక అక్కడే పక్క పక్క మూడు ఫ్రేముల మాస్క్‌లకు మీడియన్ తీస్తే ఆ ఊగిసలాట పోతుంది. మొహం ముందు నుంచి చెయ్యి వేగంగా పోయే ఫ్రేముల్లో మాత్రం ఇది చేయకండి, చెయ్యి ఉన్న చోట మొహం కనపడుతుంది.

అంచు కదలకుండా వెలుగు మాత్రమే ఊగుతుంటే తప్పు రంగు కలిపే దశది. ఫ్రేమ్ ఫ్రేముకీ విడిగా సగటు రంగు తీస్తే అడ్డొచ్చిన చెయ్యి రంగు కూడా అందులో కలుస్తుంది. చెయ్యిని వదిలేసి కొలిచి, 15 ఫ్రేముల మీద నునుపు చేయండి. చర్మం మీది గీతలు ఉడుకుతున్నట్టు ఉంటే ప్రతి ఫ్రేమునూ విడిగా పదును పెట్టే ఎన్‌హాన్సర్‌ను తగ్గించండి. ఆపి చూసిన బొమ్మ బాగుందని దాన్ని నూరు శాతం పెట్టేవాళ్లే ఎక్కువ, చాలా షాట్లు పాడయ్యేది అక్కడే. చివర్లో డీఫ్లికర్ ప్లగిన్ వేసి దాటేద్దామనుకోకండి, అది వణుకుతో పాటు చర్మం మీది వివరాలనూ చెరిపేయవచ్చు.

కంటితో తేల్చుకోలేకపోతే దవడ మీదుగా పోయే ఒకే అడ్డ పిక్సెల్ వరుసను 96 ఫ్రేముల నుంచీ తీసి పేర్చండి (620 బదులు మీ షాట్‌లో దవడ ఉన్న ఎత్తు వేసుకోండి):

```
ffmpeg -i out.mov -vf "format=rgb24,crop=iw:1:0:620,tile=1x96" -frames:v 1 slice.png
```

డూప్ ఒరిజినల్ షాట్‌కి కూడా ఇలాగే తీసి పక్కన పెట్టండి. ఒరిజినల్‌లో దవడ గీత నున్నగా వంపు తిరిగి, మీదాంట్లో రంపం పళ్లలా ఉంటే కొలతల దగ్గరికే వెనక్కి వెళ్లాలి. గీత నున్నగా ఉండి అడ్డంగా వెలుగు చారలు కనిపిస్తే రంగు దశను సరిచేస్తే చాలు.